హైదరాబాద్ ఒక రాజ్యమేనా? పారిస్‌లో తేలని ప్రశ్న

1948 సెప్టెంబరు 16. భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించి అప్పటికి నాలుగో రోజు. అదే రోజు పారిస్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి సమావేశమైంది. నిజాం ప్రభుత్వం ఆగస్టు 21న పంపిన తంతి మండలి ముందుంది. సమితి నిబంధనావళిలోని 35వ అధికరణం రెండో పేరా ప్రకారం, సభ్యత్వం లేని రాజ్యం కూడా తాను కక్షిదారుగా ఉన్న వివాదాన్ని మండలి ముందు పెట్టవచ్చు. ఆ పేరానే ఆధారం చేసుకుని హైదరాబాద్ ఫిర్యాదు చేసింది. దాని తరఫున నవాబ్ మొయిన్ నవాజ్ జంగ్ వచ్చారు. భారత్ తరఫున సర్ రామస్వామి ముదలియార్ వచ్చారు.

ముదలియార్ లేవనెత్తిన మొదటి అభ్యంతరం యుద్ధం గురించి కాదు. ఆ పేరాలో ‘రాజ్యం’ అని ఉంది, హైదరాబాద్ ఏనాడూ అంతర్జాతీయ చట్టం ఒప్పుకునే రాజ్యం కాదు, కాబట్టి ఈ ఫిర్యాదు వినే అధికారమే మండలికి లేదు అన్నారు.

సెప్టెంబరు 17 వచ్చిందంటే విలీనమా, విమోచనమా, ఆక్రమణా అని మన దగ్గర ఏటా వాదన నడుస్తుంది. ఆ వాదనలో ఎవరు ఏ పక్షం తీసుకున్నా అడుగున ముదలియార్ లేవనెత్తిన ప్రశ్నే ఉంటుంది. ఆ పదమూడు నెలలు, అంటే 1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబరు 17 వరకు, హైదరాబాద్ ఏమిటి? ఒక ప్రదేశం రాజ్యం అయిందో లేదో ఎవరు చెప్పాలి, దేన్ని చూసి చెప్పాలి?

దేన్ని చూడాలో చెప్పే కొలత ఒకటి అప్పటికే ఉంది. 1933 డిసెంబరు 26న ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో అమెరికా ఖండాల దేశాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. రాజ్యానికి నాలుగు ఉండాలని దాని మొదటి అధికరణం చెబుతుంది. స్థిరంగా నివసించే జనం, నిర్ణీత భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో సంబంధాలు పెట్టుకోగల సామర్థ్యం. అది ఆ ఖండాల మధ్య కుదిరిన ఒప్పందమే అయినా, అప్పటికే నలుగురూ పాటిస్తున్న పద్ధతిని అక్షరాల్లో పెట్టింది కాబట్టి ప్రపంచమంతా దాన్నే వాడుకుంటోంది. ఈ నాలుగింటినీ హైదరాబాద్‌కు పెట్టి చూద్దాం.

మొదటి రెండింటితో పేచీ లేదు. జనాభా కోటీ అరవై లక్షలు. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడే ప్రజలు. విస్తీర్ణం ఎనభై రెండు వేల చదరపు మైళ్లు. సముద్రం లేదు, చుట్టూ భారత్ ఉంది అనే అభ్యంతరం రాజకీయంగా బలమైనదే కానీ చట్టం దృష్టిలో పనికిరాదు. రాజ్యం ఇంత పెద్దదిగా ఉండాలనో, తీరం ఉండాలనో నియమం లేదు. నలువైపులా దక్షిణాఫ్రికానే ఉన్న లెసోతో ఈరోజు ఐరాసలో సభ్యదేశం.

మూడోది ప్రభుత్వం. కాగితం మీద చూస్తే హైదరాబాద్‌కు ఇక్కడా లోటు లేదు. సొంత నాణెం హాలీ సిక్కా, సొంత తపాలా బిళ్లలు, సొంత రైల్వే, సైన్యం, పోలీసులు, న్యాయస్థానాలు ఉన్నాయి. అయితే చట్టం అడిగేది కచేరీలు, బిళ్లలు ఉన్నాయా అని కాదు, ఆ ప్రభుత్వం మాట ఊళ్లలో చెల్లుతోందా అని. 1948 నాటికి నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో ఎన్నో గ్రామాల నుంచి దేశ్‌ముఖులు పారిపోయారు. సంఘం పేరుతో కమ్యూనిస్టులు పంచాయతీలు నడిపారు, భూములు పంచారు. మిగిలిన చోట్ల రజాకార్లు సర్కారుకు తోడుగా కాదు, సర్కారును మించి పెత్తనం చేశారు. అయినా తిరుగుబాటు ఉన్నంత మాత్రాన రాజ్యం రాజ్యం కాకుండా పోదు. అలా అయితే అంతర్యుద్ధం వచ్చిన ప్రతి దేశమూ ఆ హోదా పోగొట్టుకోవాలి. కానీ అప్పటికే స్థిరపడిన రాజ్యానికి ఇచ్చే ఈ వెసులుబాటు కొత్తగా రాజ్యమని చెప్పుకునే వాళ్లకు చట్టం ఇవ్వదు. వాళ్లు తమ పట్టు నిరూపించుకోవాలి. హైదరాబాద్ ఈ రెండిట్లో ఏ కోవకు వస్తుంది? ఆసఫ్‌జాహీల పాత రాజ్యం మళ్లీ లేచిందనుకుంటే ఒక జవాబు, 1947లో కొత్తగా పుట్టిందనుకుంటే మరో జవాబు.

అసలు చిక్కు నాలుగో దానితో వచ్చింది. ఇతర రాజ్యాలతో సంబంధాలు పెట్టుకునే సామర్థ్యం అంటే రాయబారులను పంపగల స్తోమత కాదు, ఇంకొకరి అనుమతి అక్కరలేని స్వాతంత్ర్యం. నిజాం దాన్ని 1800లోనే పోగొట్టుకున్నాడు. కుంపిణీతో ఆ ఏడాది చేసుకున్న ఒప్పందం ప్రకారం, ఆంగ్లేయులకు తెలియకుండా ఇంకే శక్తితోనూ సంప్రదింపులు జరపకూడదు. ఆ తర్వాత ఒకటిన్నర శతాబ్దం పాటు ఆ పరిస్థితి మారలేదు. బేరార్ విషయంలో మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ ప్రభుత్వంతో సమానస్థాయిలో మాట్లాడబోతే, 1926 మార్చిలో వైస్రాయ్ లార్డ్ రీడింగ్ ఘాటుగా జవాబు రాశాడు. భారతదేశంలో బ్రిటిష్ చక్రవర్తి సార్వభౌమత్వమే అత్యున్నతం, ఏ సంస్థానాధీశుడూ సమానుడిగా చర్చించే హక్కు కోరలేడు అన్నది దాని సారాంశం. ఈ చరిత్రే ముదలియార్ వాదనకు వెన్నెముక.

కానీ 1947లో ఒక మలుపు వచ్చింది. భారత స్వాతంత్ర్య చట్టం ఏడో సెక్షన్ సంస్థానాల మీద బ్రిటిష్ ఆధిపత్యాన్ని రద్దు చేసింది. ఆ ఆధిపత్యం ఢిల్లీకి బదిలీ కాలేదు, అంతరించింది. దాంతో పాత ఒప్పందాల కట్లు తెగి తాను మళ్లీ స్వతంత్రుడినయ్యానన్నది నిజాం వాదన. 1947 జూన్‌లోనే ఆయన ఆ మేరకు ఫర్మానా జారీ చేశాడు. చట్టం అక్షరాన్ని చూస్తే ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. తెలుగు పాఠకుల కోసం రాసిన చాలా పుస్తకాలు ఈ వాదనను ఒక్క మాటలో తోసేసి ముందుకు వెళ్లడం నాకు నచ్చదు. దీన్ని దాని బలంతో సహా చూస్తేనే అది ఎక్కడ బలహీనపడిందో అర్థమవుతుంది.

బలహీనపడింది 1947 నవంబరు 29న. ఆ రోజు నిజాం భారత్‌తో యథాతథ ఒప్పందం మీద సంతకం చేశాడు, ఏడాది గడువుతో. విదేశీ వ్యవహారాలు, రక్షణ, రవాణా, తంతి తపాలాలతో సహా ఉమ్మడి విషయాల్లో బ్రిటిష్ హయాంలో ఉన్న ఏర్పాట్లే ఇకపై భారత్‌కూ నిజాంకూ మధ్య కొనసాగుతాయని మొదటి అధికరణం చెబుతుంది. అంటే నాలుగో లక్షణంలోని కీలక భాగం మళ్లీ ఢిల్లీ చేతికి వెళ్లింది. అయితే అదే పత్రం ఇంకో వైపూ చూపిస్తుంది. దీనివల్ల పాత ఆధిపత్య సంబంధం ఏర్పడదని అందులోనే రాశారు. వివాదం వస్తే మధ్యవర్తుల దగ్గరకు వెళ్లాలన్నారు, ఒకరి రాజధానిలో మరొకరి ఏజెంట్ ఉండాలన్నారు. ఇవి సమానుల మధ్య ఉండే షరతులు. సంతకంతో పాటు పంపిన ఉత్తరంలో నిజాం, స్వతంత్ర ప్రభువుగా తన హక్కులకు శాశ్వతంగా భంగం కలగడం లేదనీ, వాటిలో కొన్నింటి వినియోగాన్ని ఒప్పందం ఉన్నంతకాలం ఆపుకుంటున్నాననీ రాశాడు. వాడుకోకుండా పక్కన పెట్టిన హక్కు ఉన్నట్టా, లేనట్టా? మాంటెవిడియో కొలత దీనికి జవాబు చెప్పదు.

నాలుగు లక్షణాలను పెట్టి చూసినా తేలనప్పుడు ఎవరో ఒకరు తేల్చాలి. ఇక్కడే అంతర్జాతీయ చట్టంలోని రెండు పాత వాదాలు ఎదురెదురుగా నిలబడతాయి.

ఒకటి డిక్లరేటరీ వాదం. దీని ప్రకారం రాజ్యం వాస్తవాల నుంచి పుడుతుంది. నాలుగు లక్షణాలు సమకూరిన క్షణమే అది రాజ్యం. ఇతర దేశాలు ఇచ్చే గుర్తింపు అప్పటికే ఉన్నదాన్ని ఒప్పుకునే ప్రకటన మాత్రమే. మాంటెవిడియో ఒప్పందం మూడో అధికరణం ఈ మాటే సూటిగా చెబుతుంది: రాజ్యపు రాజకీయ ఉనికి ఇతరుల గుర్తింపు మీద ఆధారపడదు. 1991లో యుగోస్లావియా విచ్ఛిన్నమవుతున్నప్పుడు రాబేర్ బాదింతేర్ అధ్యక్షతన ఏర్పడిన న్యాయనిపుణుల సంఘం కూడా రాజ్యం ఉండడం లేకపోవడం వాస్తవానికి సంబంధించిన ప్రశ్న అనీ, గుర్తింపు ఫలితం కేవలం ప్రకటనేననీ చెప్పింది.

రెండోది కాన్‌స్టిట్యూటివ్ వాదం. అంతర్జాతీయ చట్టంలో హక్కులూ బాధ్యతలూ రాజ్యాల మధ్య ఉండేవి, కాబట్టి మిగతా రాజ్యాలు ఒప్పుకోనంతవరకు ఎంత జనం ఉన్నా, ఎంత సైన్యం ఉన్నా చట్టం దృష్టిలో ఆ రాజ్యం లేనట్టే. గుర్తింపే దాన్ని సృష్టిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లాసా ఒపెన్‌హైమ్ రాసిన ప్రసిద్ధ పాఠ్యగ్రంథం ఈ వాదానికి పెద్ద ఆసరా.

రెండో వాదంలో లోపం వెంటనే కనబడుతుంది. పది దేశాలు గుర్తించి తొంభై గుర్తించకపోతే అది రాజ్యమా కాదా? పదింటికి ఉంది, తొంభైకి లేదు అనాల్సి వస్తుంది. పైగా గుర్తింపు లేనిదానికి హక్కులే లేవంటే దాని మీద దండెత్తినా తప్పు లేదన్నట్టు అవుతుంది. ఈ కారణంగానే నేటి న్యాయశాస్త్రజ్ఞుల్లో ఎక్కువ మంది మొదటి వాదం వైపే ఉన్నారు. కానీ మొదటి వాదంలోనూ ఒక బోలుతనం ఉంది. నాలుగు లక్షణాలు సమకూరాయని నిర్ధారించేది ఎవరు? దానికి కోర్టు లేదు, రిజిస్ట్రారు లేడు. ప్రతి దేశమూ తన కళ్లతో తానే చూసుకుని, తన ప్రయోజనం లెక్క వేసుకుని చెబుతుంది. అలా చెప్పడమే గుర్తింపు. హెర్ష్ లాటర్‌పాక్ట్ 1947లో అచ్చయిన పుస్తకంలో ఒక మధ్యేమార్గం సూచించాడు. గుర్తింపే రాజ్యాన్ని సృష్టిస్తుంది, కానీ లక్షణాలు ఉన్నప్పుడు గుర్తించడం మిగతా దేశాల విధి అన్నాడు. వినడానికి బాగుంది కానీ, ఆ విధిని దేశాలేవీ తలకెత్తుకోలేదు.

హైదరాబాద్ విషయంలో రెండో వాదం లెక్క తేలిక. 1947 జులైలోనే బ్రిటన్‌లో భారత వ్యవహారాల మంత్రి లార్డ్ లిస్టోవెల్, సంస్థానాలను విడి అంతర్జాతీయ రాజ్యాలుగా గుర్తించే ఉద్దేశం తమకు లేదని ప్రభువుల సభలో చెప్పేశాడు. చట్టంతో చేతి కట్లు విప్పిన ప్రభుత్వమే, విడుదలైన వాడిని చూడనంటోంది. ఆ తర్వాత పదమూడు నెలల్లో గుర్తింపు ప్రకటన ఏ పెద్ద దేశం నుంచీ రాలేదు.

ఇక పారిస్‌లో మండలి ఏం చేసింది? ఫిర్యాదును అజెండాలో చేర్చాలా వద్దా అని ఓటు పెట్టారు. ఎనిమిది మంది చేర్చమన్నారు, వ్యతిరేకంగా ఎవరూ లేరు. చైనా, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్ తటస్థంగా ఉన్నాయి. హైదరాబాద్ ప్రతినిధిని బల్ల దగ్గరకు పిలిచి కూర్చోబెట్టారు. ఇది గుర్తింపు కాదా అని అడగవచ్చు. కాదు, ఎందుకంటే చేర్చడం వల్ల తమ అధికారపరిధి ప్రశ్న తేలినట్టు కాదని మండలి ముందే షరతు పెట్టుకుంది. ఏడాది ముందు ఇండొనేషియా రిపబ్లిక్ ప్రతినిధిని పిలిచినప్పుడూ మండలి ఇలాగే రాజ్యమా కాదా అన్నది తేల్చకుండా పక్కన పెట్టింది. అప్పుడు ఇండొనేషియా తరఫున మండలిని ఆశ్రయించిన దేశాల్లో భారత్ ఉంది.

మర్నాడు నిజాం లొంగిపోయాడు. సెప్టెంబరు 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు ఆయన సమితికి తంతి పంపాడు. అది ఇష్టంతో పంపిందా, ఒత్తిడితోనా అన్న వాదన కొంతకాలం నడిచింది. 1949 మేలో మండలి మరోసారి విని, ఏ తీర్మానమూ చేయకుండా ఊరుకుంది. ముదలియార్ ప్రశ్నకు ఐక్యరాజ్యసమితి అవుననీ కాదనీ చెప్పలేదు.

నా మటుకు నాకు ఆ చర్చలో అందరికంటే ఎక్కువ వెలితిగా కనిపించేది ప్రజలు. మాంటెవిడియో కొలత జనం ఉన్నారా అని అడుగుతుంది, వాళ్లకేం కావాలని అడగదు. ఎనభై శాతానికి పైగా జనం ఒక వైపు, పాలన మరో వైపు ఉన్న రాజ్యం కూడా ఆ నాలుగు గీతల్లో సరిగ్గా ఇమిడిపోతుంది. జైళ్లకు వెళ్లిన స్టేట్ కాంగ్రెస్ వాళ్లు, తుపాకి పట్టిన రైతులు, రజాకార్ల చేతిలో చనిపోయిన వాళ్లు, సైనిక చర్య తర్వాత మరాఠ్వాడాలోనూ కన్నడ జిల్లాల్లోనూ ఊచకోతకు గురైన ముస్లింలు, ఎవరి అభిప్రాయమూ చట్టపరమైన ఆ ప్రశ్నలో భాగం కాదు.

చట్టం ఈ వెలితిని గమనించడానికి ఇంకో పదిహేడేళ్లు పట్టింది. 1965 నవంబరు 11న దక్షిణ రొడీషియాలో ఇయాన్ స్మిత్ ప్రభుత్వం బ్రిటన్ నుంచి ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. జనం, భూమి, గట్టి పట్టున్న ప్రభుత్వం అన్నీ ఉన్నాయి. డిక్లరేటరీ వాదం ప్రకారం అది రాజ్యం అయి తీరాలి. కానీ ఆ ప్రభుత్వం జనాభాలో ఐదారు శాతం ఉన్న తెల్లవాళ్లది. మర్నాడే భద్రతామండలి ఈ అక్రమ మైనారిటీ పాలనను ఎవరూ గుర్తించవద్దని తీర్మానించింది. పొరుగున ఉండి సాయం చేసిన దక్షిణాఫ్రికా సైతం లాంఛనంగా గుర్తించలేదు. స్మిత్ పాలన పద్నాలుగేళ్లు నిలిచింది, 1980లో జింబాబ్వే ఏర్పడింది. ఆ పద్నాలుగేళ్లూ అక్కడ రాజ్యం లేదనే ప్రపంచం వ్యవహరించింది. కాన్‌స్టిట్యూటివ్ వాదులు దీన్ని తమ గెలుపుగా చెప్పుకుంటారు. డిక్లరేటరీ వాదులు మాత్రం, గుర్తింపు లేకపోవడం వల్ల కాదు, ప్రజల స్వయంనిర్ణయాధికారం అనే ఐదో లక్షణం చేరడం వల్ల అది రాజ్యం కాలేదంటారు. నాకు రెండో వివరణే సరైనదనిపిస్తుంది. గుర్తించవద్దని ప్రపంచమంతా ఒక్కమాట మీద నిలబడడానికి కారణం ఉండాలి కదా, ఆ కారణమే ఇక్కడ చట్టం.

1971లో బంగ్లాదేశ్ దీనికి సరిగ్గా తలకిందులు. ప్రజల తీర్పు స్పష్టంగా ఉంది. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో అవామీ లీగ్ 160 గెలుచుకుంది. లేనిది మూడో లక్షణం. ఏప్రిల్‌లో ఏర్పడిన ప్రభుత్వం కలకత్తా నుంచి నడుస్తోంది, ఢాకా పాకిస్తాన్ సైన్యం చేతుల్లో ఉంది. అందుకే భారత్ కోటిమంది శరణార్థులను మోస్తూ కూడా నెలల తరబడి గుర్తింపు ఇవ్వకుండా ఆగింది. పట్టు రాకముందే గుర్తించడం మాతృదేశం అంతర్గత వ్యవహారంలో జోక్యమని చట్టం చెబుతుంది. డిసెంబరు 3న పాకిస్తాన్ విమానదాడులతో యుద్ధం మొదలయ్యాక, 6న ఇందిరాగాంధీ పార్లమెంటులో గుర్తింపు ప్రకటించారు. పాకిస్తాన్ మన మీద యుద్ధం చేస్తున్నప్పుడు ఇంతకాలం చూపిన సంకోచానికి అర్థం లేదని ఆమె చెప్పిన కారణం. ఢాకా లొంగిపోయింది మరో పది రోజులకు. అంటే భారత్ గుర్తించిన నాటికి నాలుగు లక్షణాలూ పూర్తిగా లేవు. 1948లో వాస్తవాలను, చరిత్రను ముందుపెట్టి కాదన్న దేశమే 1971లో వాస్తవాల కన్నా ముందు అడుగు వేసింది. రెండుసార్లూ భారత్ చూపించినవి తన ప్రయోజనమూ, ప్రజల మొగ్గూ.

గుర్తింపు కేవలం మర్యాద కాదని బంగ్లాదేశ్‌కు తర్వాతి రెండేళ్లలో తెలిసొచ్చింది. 1972లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో, అంతర్జాతీయ ద్రవ్యనిధిలో సభ్యత్వం దొరికింది. కానీ ఆగస్టులో ఐరాస సభ్యత్వాన్ని చైనా వీటో చేసింది. అంతకంటే పెద్ద చిక్కు యుద్ధఖైదీలది. తొంభై వేలకు పైగా పాకిస్తానీలు భారత్ శిబిరాల్లో ఉన్నారు. వాళ్లు లొంగిపోయింది భారత్, బంగ్లాదేశ్‌ల ఉమ్మడి సైనిక నాయకత్వానికి, కాబట్టి ఢాకా సమ్మతి లేకుండా వాళ్లను పంపలేరు. తనను గుర్తించని దేశంతో సమానంగా కూర్చోనిదే చర్చకు రానని బంగ్లాదేశ్ అంది. అందుకే 1973 ఆగస్టులో ఢిల్లీలో కుదిరిన ఒప్పందం మీద భారత్, పాకిస్తాన్ సంతకాలే ఉన్నాయి. అందులో ఎక్కువగా చర్చకు వచ్చిన దేశం సంతకం లేదు. యుద్ధనేరాల విచారణ కోసం ఢాకా అడిగిన 195 మంది సంగతి తేలకుండా మిగిలింది.

1974 ఫిబ్రవరి 22న, లాహోర్‌లో ఇస్లామిక్ దేశాల సమావేశం వేళ, పాకిస్తాన్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. ఏప్రిల్ 9న ఢిల్లీలో స్వరణ్ సింగ్, కమాల్ హుస్సేన్, అజీజ్ అహ్మద్ ముగ్గురూ ఒకే పత్రం మీద సంతకం చేశారు. ఆ 195 మంది మీద విచారణను బంగ్లాదేశ్ వదులుకుంది, వాళ్లు కూడా మిగతా ఖైదీలతో పాటు పాకిస్తాన్ వెళ్లిపోయారు. సెప్టెంబరు 17న బంగ్లాదేశ్ ఐరాసలో చేరింది.